మీ పింఛను లెక్క మీరే వేసుకోండి – పాఠం 4: స్త్రీల పింఛను ఎక్కడ తగ్గుతుంది?

ప్రైవేటు సంస్థల్లో పీఎఫ్ ఉన్నవారికి వర్తించే ఉద్యోగుల పింఛను పథకం 1995 సూత్రాన్ని గత పాఠంలో నేర్చుకున్నాం. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను వస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి లెక్కలోకి వచ్చే జీతానికి పరిమితి 15,000 రూపాయలు. సూత్రం ఆడ, మగ తేడా చూడదు, కానీ జీతం, సర్వీసు అనే రెండు అంకెల్లోనూ స్త్రీకి జరిగిన నష్టం ముందే చేరి ఉంటుంది.

24వ ఏట ఉద్యోగంలో చేరిన అన్నాచెల్లెళ్ళను ఊహించుకుని, నేటి నిబంధనలే చివరిదాకా ఉంటాయనుకుందాం. అన్న 58 ఏళ్ళ వరకు ఆగకుండా పనిచేశాడు. సర్వీసు 34 ఏళ్ళు. 20 ఏళ్ళు నిండినవారికి మరో రెండేళ్ళు కలుపుతారు కనుక 36. సగటు జీతం 15,000 అయితే పింఛను 7,714 రూపాయలు.

చెల్లెలు ఎనిమిదేళ్ళు పనిచేసి, పిల్లల కోసం మానేసి, పదేళ్ళ తరువాత 42వ ఏట మళ్ళీ చేరింది. మొత్తం సర్వీసు 24, అదనపు రెండేళ్ళతో 26. అన్నతో సమానంగా 15,000 జీతమే ఉన్నా పింఛను 5,571కి దిగుతుంది. అయితే విరామం తరువాత తిరిగి చేరేవారికి పాత జీతపు స్థాయి దక్కడం అరుదు; ఆమె చివరి సగటు 12,000 అయితే పింఛను 4,457.

అన్నిటికంటే బాధాకరమైన నష్టం మూడవది, ఎందుకంటే అది తప్పించుకోదగినది. సర్వీసు పదేళ్ళకు తక్కువైతే, మానేసినప్పుడు పింఛను ఖాతా సొమ్మును ఫారం 10-సి ద్వారా తీసుకోవచ్చు. ఎనిమిదేళ్ళ సర్వీసుకు వచ్చేది రమారమి ఎనిమిది నెలల జీతం. ఇంటి ఖర్చుల ఒత్తిడిలో చాలామంది అదే తీసుకుంటారు. ఆ ఎనిమిదేళ్ళు దానితో రద్దవుతాయి. అప్పుడు చెల్లెలికి మిగిలేది 16 ఏళ్ళే. 20 నిండలేదు కనుక అదనపు రెండేళ్ళూ రావు. 12,000ను 16తో గుణించి 70తో భాగిస్తే 2,743. అంటే ఆ ఒక్క ఫారం వల్ల, బతికినంత కాలం నెలకు 1,714 రూపాయలు పోతాయి.

అదే ఫారంలో సొమ్ముకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరవచ్చు. అది పాత సర్వీసును నిలిపి ఉంచుతుంది; తిరిగి చేరినప్పుడు కొత్త యజమాని ద్వారా సమర్పిస్తే పాత, కొత్త సర్వీసులు కలుస్తాయి. మళ్ళీ చేరినా మొత్తం పదేళ్ళు నిండనివారికి మాత్రం ఇది నెలవారీ పింఛను తెచ్చిపెట్టదు.

అభ్యాసం: యూఏఎన్ పోర్టల్‌లో మీ సర్వీసు చరిత్ర తెరిచి, ప్రతి ఉద్యోగంలో చేరిన, మానిన తేదీలు రాసుకోండి. ఏ ఉద్యోగమైనా అందులో కనిపించకపోతే, మీకు వేరే యూఏఎన్ ఉందేమో పాత జీతపు రశీదుల్లో వెతకండి. విడిగా పడి ఉన్న ఆ సర్వీసును కలిపే పద్ధతి వచ్చే పాఠంలో.