ఓర్పు మీద శ్లోకం: గీతదా, భారతానిదా, ఎవరిదీ కాదా? (సమస్య - పరిష్కారం)

పొద్దున్నే వాట్సాప్‌లో కృష్ణుడి బొమ్మ, దాని కింద ఓర్పు గురించి ఒక వాక్యం, చివర "భగవద్గీత" అని సంతకం. పెళ్లి పత్రికలో, ఉపన్యాసంలో, వ్యాసంలో దాన్ని వాడబోయే ముందు పరీక్షించుకోవాలంటే, ఆ వాక్యం ఏ రూపంలో చేతికొచ్చిందో మొదట చూడాలి. రూపాన్ని బట్టి పరీక్ష మారుతుంది.

లక్షణం 1: తెలుగు వచనం మాత్రమే ఉంది; అధ్యాయం లేదు, శ్లోకసంఖ్య లేదు

"ఓపిక పట్టినవాడిదే అంతిమ విజయం - శ్రీకృష్ణుడు" తరహావి ఇవి. చాలావరకు క్యాలెండర్ల కోసం, పోస్టర్ల కోసం ఎవరో రాసిన సొంత వాక్యాలే. "ఏది జరిగిందో అది మంచికే జరిగింది" అంటూ గీతాసారం పేరుతో ఇళ్ల గోడలమీద వేలాడే మాటలు కూడా ఈ కోవలోవే. ఆ వరసకు సరిపోయే శ్లోకం గీతలో ఎక్కడా లేదు.

గీత విషయంలో ఇంత గట్టిగా చెప్పగలగడానికి కారణం అది చిన్న గ్రంథం కావడమే. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం తిరగేయొచ్చు. అంత ఓపిక లేకపోతే, ఓర్పుకు గీత వాడే మాటలు కొన్నే కాబట్టి వాటిని వెతికితే చాలు. తితిక్ష కోసం 2.14 చూడండి. చలి, వేడి, సుఖం, దుఃఖం వచ్చిపోయేవి, వాటిని ఓర్చుకో అని కృష్ణుడు అర్జునుడికి నేరుగా చెప్పే చోటు అదే. క్షమ 10.4, 10.34, 16.3లో వస్తుంది, 12.13లో "క్షమీ" అని ఉంది. క్షాంతి 13వ అధ్యాయంలో జ్ఞానలక్షణాలు చెప్పేచోట, 18.42లో కనిపిస్తుంది. కామక్రోధాల వేగాన్ని తట్టుకోగలవాడి సంగతి 5.23లో ఉంది.

ఈ చోట్లు వరసగా చదివితే ఒక సంగతి బయటపడుతుంది. గీతలో క్షమ, క్షాంతి దాదాపు ఎప్పుడూ ఇతర గుణాల జాబితాలో ఒకటిగా వస్తాయి తప్ప, "సహనమే మహాయుధం" లాంటి విడి సూక్తిగా రావు. అందుకే వాక్యం మరీ నున్నగా, నినాదంలా ఉంటే అనుమానించండి.

సంఖ్య ఇచ్చి ఉన్నా ఒకసారి సరిచూడాలి. 12వ అధ్యాయంలో 20 శ్లోకాలే ఉన్నాయి, కాబట్టి "12.25" అని ఉంటే ఇక వెతకనక్కర్లేదు. అయితే 13వ అధ్యాయంలో ఒక అంకె తేడా వస్తే దాన్ని తప్పుగా లెక్కించకండి. కొన్ని ప్రతుల్లో మొదట అర్జునుడి ప్రశ్న అదనంగా ఉంటుంది, దానివల్ల క్షాంతి శ్లోకం ఒకచోట 7, ఇంకోచోట 8 అవుతుంది.

లక్షణం 2: సంస్కృతం శుద్ధంగా ఉంది, ఛందస్సు కుదిరింది, కానీ గీతలో దొరకడం లేదు

చిక్కంతా ఇక్కడే. "క్షమా వీరస్య భూషణమ్" తీసుకుందాం. అక్షరాలు లెక్కపెడితే క్ష-మా-వీ-ర-స్య-భూ-ష-ణమ్, ఎనిమిది. అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు. అనుష్టుప్పు శ్లోకంలో రెండో, నాలుగో పాదాలకు ఉండాల్సిన లక్షణం ఇదే. అంటే ఛందస్సు పరీక్షలో ఇది నెగ్గింది. కానీ సంస్కృతం వచ్చిన ఎవరైనా ఇలాంటి పాదం కట్టగలరు. గణాలు తప్పితే మాట చెడిపోయిందనో కల్పితమనో అనుమానించవచ్చు. గణాలు కుదిరినంత మాత్రాన గ్రంథంలో ఉన్నట్టు కాదు.

తర్వాతి మెట్టు వెతుకులాట. మొత్తం పాదాన్ని ఒకేసారి వెతికితే సంధుల వల్ల, పాఠభేదాల వల్ల దొరకకుండా పోతుంది. కదలని చిన్న ముక్క ఎంచుకుని, నాగరిలోనూ రోమన్ లిపిలోనూ విడివిడిగా వెతకాలి:

```
भूषणं क्षमा
bhūṣaṇaṃ kṣamā
```

మాటల వరస తిరగేశామని గమనించారా? జనం నోట నలిగిన సూక్తుల్లో మొదట మారేది వరసే. ఇలా వెతికితే మహాభారతం ఉద్యోగపర్వం 33వ అధ్యాయానికి చేరతాం. అక్కడ విదురుడు ధృతరాష్ట్రుడితో అంటాడు: "క్షమా గుణో హ్యశక్తానాం శక్తానాం భూషణం క్షమా." శక్తి లేనివాళ్లకు ఓర్పు గుణం, శక్తి ఉన్నవాళ్లకు ఓర్పు అలంకారం. వ్యాప్తిలో ఉన్న మాటలో "శక్తానాం" కాస్తా "వీరస్య" అయింది, మొదటి సగం రాలిపోయింది. జైనుల క్షమాపణ దినాల్లో ఈ పొట్టి రూపమే ఎక్కువగా వినిపిస్తుంది.

"క్షమాశస్త్రం కరే యస్య దుర్జనః కిం కరిష్యతి" కథా ఇంతే. గడ్డి లేనిచోట పడ్డ నిప్పు తనంతట తనే ఆరిపోతుందని దాని రెండో సగం. ఇది సుభాషిత సంకలనాల్లోని రూపం. విదురనీతి ప్రచలిత పాఠంలో దాని తోబుట్టువు "శాంతిఖడ్గః కరే యస్య కిం కరిష్యతి దుర్జనః" అని ఉంది.

ఇలాంటివి గీత ఖాతాలోకి ఎలా వెళ్తాయి? గీత భారతంలోనిదే. "భారతంలో ఉంది" అన్న మాట ఇద్దరు ముగ్గురి నోళ్లు దాటేసరికి "గీతలో ఉంది" అవుతుంది, విదురుడి మాట కృష్ణుడిదైపోతుంది.

గీతాప్రెస్ లాంటి ప్రచలిత ప్రతిలో దొరికాక, పూనా భండార్కర్ సంస్థ రాతప్రతులను పోల్చి 1966లో పూర్తిచేసిన సంశోధిత ప్రతిలో కూడా చూడండి. శ్లోకం మూలపాఠంలో ఉందా, కింద పాఠభేదాల్లోకి దిగిందా అన్నది అక్కడ తెలుస్తుంది. పాఠభేదాల్లో ఉంటే అబద్ధమని కాదు, కొన్ని రాతప్రతుల్లోనే ఉందని అర్థం. తిక్కన ఉద్యోగపర్వంలో కనపడలేదని కొట్టేయడం మాత్రం తప్పు. కవిత్రయం శ్లోకానికి పద్యం చొప్పున అనువదించలేదు.

లక్షణం 3: శ్లోకం నిజమే, అర్థం తలకిందులైంది

అరణ్యపర్వంలో "క్షమా ధర్మః క్షమా యజ్ఞః" అన్న శ్లోకం నిక్కమైనదే. కాశ్యపుడు చెప్పిన గాథగా ధర్మరాజు దాన్ని ఉదహరిస్తాడు. కానీ అది ఒక వాదంలో ఒకవైపు మాట. అంతకుముందు అధ్యాయంలోనే, ప్రహ్లాదుడు బలికి చెప్పిన "న శ్రేయః సతతం తేజో న నిత్యం శ్రేయసీ క్షమా" అన్న మాటను ద్రౌపది వినిపిస్తుంది. ఎప్పుడూ పౌరుషమూ మంచిది కాదు, ఎప్పుడూ ఓర్పూ మంచిది కాదు అని. రెండింట్లో ఏ ఒక్కదాన్ని పట్టుకుని "భారతం ఇలా అంటోంది" అన్నా సగమే చెప్పినట్టు. మందు ఒకటే: శ్లోకానికి ముందు వెనక ఒక్కో అధ్యాయం చదివి, ఎవరు ఎవరితో అన్నారో రాసుకోవడం. గీతాప్రెస్ ప్రతిలో ఇవి 28, 29 అధ్యాయాలు, పూనా ప్రతిలో 29, 30.

లక్షణం 4: తెలుగు పద్యమే, పేరు మాత్రం వేరే

ఇది తేలిక. "తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష" వేమనదని పంచుతుంటారు. చివర "సుమతీ" అన్న మకుటం ఉంది, పద్యం కందం. వేమన పేరుతో ప్రసిద్ధమైనవి ఎక్కువగా ఆటవెలదులు, మకుటం "విశ్వదాభిరామ వినుర వేమ". మకుటం కోసేసి పంపినా కందం నడక పట్టిస్తుంది.

ఎక్కడా దొరకకపోతే

గీతలో లేదని తేల్చి చెప్పొచ్చు. భారతమంతటి గ్రంథం, పురాణాల విషయంలో "చూసిన ప్రతుల్లో కనపడలేదు" అనే రాయాలి, ఏ ప్రతులు చూశారో కూడా పక్కన వేయాలి. శ్లోకం నచ్చి వాడుకోవాలనుకుంటే "సుభాషితం" అంటే చాలు. దొరికినదాన్ని ఇలా రాయండి: మహాభారతం, ఉద్యోగపర్వం, 33వ అధ్యాయం, ధృతరాష్ట్రుడితో విదురుడు, ఫలానా ప్రతి.