ఉద్యోగం చేస్తూ ఎంటెక్ ప్రాజెక్ట్ టాపిక్ ఎంచుకునేవాళ్లకు

వారానికి 8 గంటలు దొరికితే 24 వారాలకు 192 గంటలు. అందులో రిపోర్ట్ రాయడానికే 50 పోతాయి. అందుకే టాపిక్ కంటే ముందు డేటా చూసుకోండి. ఆఫీసు డేటా వాడుకుందామని నేను మొదలుపెట్టాను. అనుమతి కోసమే మూడు నెలలు ఎదురుచూశాను, చివరికి రాలేదు.

"హైదరాబాద్ గాలి కాలుష్యం" అనుకున్నారనుకోండి, అది చాలా పెద్దది. దాన్ని "సనత్‌నగర్ స్టేషన్‌లో రేపటి పీఎం 2.5, అంటే గాలిలోని సన్నటి ధూళి, ఎంత?" అనే ఒక్క ప్రశ్నకు కుదించండి. రీడింగులు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. "రేపు కూడా ఇవాళ్టి అంకే" అనే అంచనాను మీ మోడల్ కచ్చితత్వంలో దాటుతుందా అని చూడాలి. దాటకపోయినా, ఎందుకు దాటలేదో రాస్తే అదీ ఫలితమే.

గైడ్‌గారికి చెప్పేముందు రెండు సాయంత్రాలు కేటాయించి, డేటా దించి ఒక గ్రాఫ్ గీయండి. ఖాళీ రీడింగులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. వరుసగా వారాల తరబడి ఖాళీలుంటే ఆ స్టేషన్ వదిలేయండి. రెండు సాయంత్రాల్లో గ్రాఫే రాకపోతే టాపిక్ మార్చేయండి, మొహమాటపడకండి.