నర్సరీలో చేతులు, కాళ్ళు, నోటి పొక్కుల జబ్బు మొదలైతే

నర్సరీలో ఎవరికో చేతులు, కాళ్ళు, నోటి పొక్కుల జబ్బు, అంటే హెచ్‌ఎఫ్‌ఎమ్‌డీ వచ్చిందని కబురు తెలిస్తే, మీ పిల్ల హుషారుగానే ఉన్నా ఒక వారం కనిపెట్టి ఉండండి. వైరస్ సోకాక లక్షణాలు తేలడానికి మామూలుగా 3 నుంచి 6 రోజులు పడుతుంది.

మా రెండేళ్ళ పాపకి మొదట వచ్చింది జ్వరమే. మర్నాడు పాలు నోట్లో పోసుకుని ఏడ్చి ఉమ్మేసింది. అలిగిందనుకున్నాను. టార్చి వేసి చూస్తే నాలుక అంచున, బుగ్గ లోపల ఎర్రటి అంచుతో చిన్న చిన్న పుండ్లు. అరచేతుల్లో, అరికాళ్ళలో, పిరుదుల మీద పొక్కులు ఆ మరుసటి రోజుకి గానీ కనిపించలేదు. వాటిని చిదమకూడదు, ఆ నీటిలోనూ వైరస్ ఉంటుంది.

భయపెట్టేవి పొక్కులే అయినా, ఎక్కువమంది పిల్లల్ని ఆసుపత్రి దాకా తెచ్చేది నోటి మంట. మింగలేక తాగడం మానేస్తారు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. డాక్టరు బరువును బట్టి చెప్పిన పారాసిటమాల్ వేసి, అరగంట ఆగి, చల్లటి పాలో ఓఆర్‌ఎస్సో చెంచాతో రెండు మూడు నిమిషాలకోసారి పట్టాను. గ్లాసు చూస్తేనే ఏడ్చిన పిల్ల చెంచాతో తాగింది. పుల్లటి పళ్ళరసాలు, కారం, వేడివి ఇవ్వకండి. ఆస్పిరిన్ అసలు వద్దు. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు.

తడి డైపర్లు లెక్కపెట్టండి. 8 గంటలైనా మూత్రం పోయకపోయినా, కన్నీళ్ళు లేకుండా ఏడుస్తున్నా, నోరు ఎండిపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. జ్వరం మూడు రోజులు దాటినా అంతే. ఇక నిద్రలోకి జారుకుంటూ మాటిమాటికీ ఉలిక్కిపడటం, చేతులు కాళ్ళు అదరడం, నడకలో తూలడం, ఆగని వాంతులు, లేపినా మత్తుగా ఉండటం, ఊపిరి వేగంగా తీయడం, ఫిట్స్ కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. అరుదుగానే అయినా వైరస్ మెదడు మీద, గుండె మీద ప్రభావం చూపుతోందనడానికి ఇవి గుర్తులు. ముఖ్యంగా ఎంటెరోవైరస్ 71 రకంతో ఈ ప్రమాదం ఉంటుంది. అప్పుడు పొక్కులు ఎన్ని ఉన్నాయని చూడకండి, నాలుగే ఉన్నా ప్రమాదం కావచ్చు.

చాలామంది పిల్లలు 7 నుంచి 10 రోజుల్లో కోలుకుంటారు. జ్వరం పోయి, చొంగ కారడం తగ్గి, పొక్కులు ఎండాక నర్సరీకి పంపొచ్చు. అయితే మలంలో వైరస్ ఇంకా కొన్ని వారాలు పోతూనే ఉంటుంది. అందుకే పంపే ముందు ఆయాను నేను అడిగింది ఒక్కటే, డైపర్ మార్చే చాప సంగతి. ఒక పిల్లకి మార్చాక ముందు సబ్బునీళ్ళతో కడిగి, తర్వాత బ్లీచ్ కలిపిన నీళ్ళతో తుడవాలి. చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దుకోవాలి. శానిటైజర్‌కి ఈ వైరస్ సరిగా చావదు. ఆయా చాప పక్కనే పెట్టుకుని నాకు చూపించిన సీసాలో ఉన్నది శానిటైజరే. దాని బదులు సబ్బు పెట్టించాను.

కొన్ని వారాల తర్వాత వేలి గోళ్ళు ఊడినా కంగారు పడకండి. మళ్ళీ వస్తాయి.