క్లబ్ వార్షిక నివేదిక రాద్దాం – 4వ పాఠం: క్రికెట్ సీజన్ సమీక్ష

పోయిన పాఠంలో ఫలితాల పట్టిక వేయమన్నాం. గెలుపోటములు అందరూ సరిగానే రాశారు, ఎక్కువమంది నెట్ రన్ రేట్ దగ్గరే తడబడ్డారు. ముందు అది సరిచేసుకుందాం. ఈ అంకె తప్పితే ఎంత తేడాతో ఓడామో సభ్యులకు తప్పుగా చెప్పినట్టే.

యాభై ఓవర్ల మ్యాచ్ ఒకటి అనుకుందాం. మన జట్టు 38.2 ఓవర్లలో 152కే ఆలౌటైంది. ఎదుటివాళ్లు 30.3 ఓవర్లలో 153 కొట్టేశారు. చాలామంది 152ని 38.2తో, 153ని 30.3తో భాగించి, తేడా -1.07 అని వేశారు. ఇందులో రెండు తప్పులున్నాయి. జట్టు ఆలౌటైతే ఆడిన ఓవర్లు కాదు, దాని వాటాకొచ్చిన మొత్తం 50 ఓవర్లతో భాగించాలి. అంటే మన రేటు 3.04. ఇక 30.3 అంటే ముప్పై ఓవర్ల మూడు బంతులు. అందులో చుక్క దశాంశం కాదు. ఓవరుకు ఆరు బంతులు కనుక అది ముప్పైన్నర. 153ని 30.5తో భాగిస్తే 5.02. అసలు తేడా -1.98.

ఓవర్లు కూడేటప్పుడూ ఇదే చిక్కు. 30.3కి 45.4 కలిపితే 75.7 కాదు, 76.1. అందుకే ఓవర్లన్నీ ముందే బంతుల్లోకి మార్చేయండి, నేనైతే అంతే చేస్తాను. సీజన్ మొత్తానికి వేసేటప్పుడు మ్యాచ్‌లవారీ రేట్ల సగటు తీయకూడదు. చేసిన పరుగులన్నీ ఒకచోట, బంతులన్నీ ఒకచోట కూడి, పరుగుల మొత్తాన్ని ఆరుతో గుణించి బంతుల మొత్తంతో భాగించాలి. ఆలౌటైన మ్యాచ్‌కు మాత్రం ఆడిన బంతులు కాదు, 50 ఓవర్ల 300 బంతులూ వేసుకోవాలి. ఇచ్చిన పరుగులకూ అంతే. వానకు ఫలితం తేలని మ్యాచ్‌లు ఈ లెక్కలోకి రావు.

ఇప్పుడు నేర్చుకున్న పాఠం. "బ్యాటింగ్ విఫలమైంది" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. స్కోరు పుస్తకంలో వికెట్లు పడిన వరుస చూడండి. ఆలౌటై ఓడిన మూడు మ్యాచ్‌ల్లో పడ్డ 30 వికెట్లలో 14 మొదటి పదిహేను ఓవర్లలోనే పోయాయనుకోండి. అప్పుడు రాయాల్సిన వాక్యం ఇది: "ఓడిన మూడు మ్యాచ్‌ల్లోనూ కొత్త బంతికే సగం దాకా వికెట్లు పోగొట్టుకున్నాం." గెలిచిన మ్యాచ్‌ల్లోనూ అదే లెక్క తీయండి. అక్కడా అన్నే పడి ఉంటే ఓటమికి కారణం వేరే చోట వెతకాలి.

ప్రణాళిక ఆ వాక్యం నుంచే రావాలి. "ప్రాక్టీసు పెంచుతాం" అనకండి. "సీజన్‌కు ఆరు వారాల ముందు నుంచి వారానికి రెండు రోజులు, మొదటి నలుగురు బ్యాటర్లకు కొత్త బంతితో నెట్స్. బాధ్యత: వైస్ కెప్టెన్. మొదటి నాలుగు మ్యాచ్‌లయ్యాక పదిహేనో ఓవరు నాటికి పడిన వికెట్లు చూసి కమిటీకి చెప్పాలి." ఇలా రాయండి. కొత్త బంతులకయ్యే ఖర్చు కోశాధికారి పట్టికలో కనబడకపోతే సర్వసభ్య సమావేశంలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

అభ్యాసం: మీ క్లబ్ గత రెండు సీజన్ల స్కోరు పుస్తకాలు తీసి, ప్రతి మ్యాచ్‌లో పదిహేనో ఓవరు నాటి స్కోరూ వికెట్లూ రాయండి. దాని కింద ఒక పాఠం, ఒక ప్రణాళిక, రెండూ కలిపి ఐదు వాక్యాలు దాటకుండా.