తేదీల పెట్టెలో పెట్టిన కాగితం గడువు దాటాక బయటపడుతోందా?

తేదీల పెట్టెలో 43 అట్ట ఫోల్డర్లు ఉంటాయి. 1 నుంచి 31 దాకా రోజులకు, జనవరి నుంచి డిసెంబరు దాకా నెలలకు. ఏ కాగితం ఏ రోజున చేతికి రావాలో రాసిన చీటీని ఆ రోజు ఫోల్డరులో వేసి, రోజూ పొద్దున్నే ఆ రోజు ఫోల్డరు తెరవడమే పని. అయినా కాగితాలు వేళకు రావడం లేదంటే తప్పు సాధారణంగా ఈ కింది వాటిలో ఒకటై ఉంటుంది.

ఉదాహరణకు ఒక చెక్కును తీసుకుందాం. కోనసీమలో ఒక రైతు సార్వా ధాన్యం అమ్మాడు. వ్యాపారి 2025 డిసెంబరు 15న చెక్కు ఇచ్చాడు, దాని మీద తేదీ మాత్రం 2026 జనవరి 10.

సమస్య: కాగితం సరైన తేదీకే వచ్చింది, కానీ ఆ రోజు పని కాలేదు

కారణం: కాగితం మీదున్న తేదీనే ఫోల్డరు తేదీగా తీసుకోవడం. జనవరి 10 రెండో శనివారం, బ్యాంకు ఉండదు. మర్నాడు ఆదివారం. 10వ ఫోల్డరులో వేస్తే ఆ పొద్దున చెక్కు గుర్తొస్తుంది, చేసేదేమీ ఉండదు, "సోమవారం చూద్దాం" అని బల్ల మీద పెడతారు. ఆ వారం మధ్యలోనే భోగి, సంక్రాంతి, కనుమ. ఇంటి నిండా చుట్టాలు, కోడిపందేలు, పిండివంటలు. బల్ల మీది చెక్కు పండగ అయ్యాక గానీ గుర్తుకు రాదు.

పరిష్కారం: ఫోల్డరులో వేసే ముందు క్యాలెండరు తీసి, ఆ పని నిజంగా చేయగలిగే రోజు ఏదో చూడండి. ఈ చెక్కుకు అది జనవరి 12, సోమవారం. గడువు ఉన్న పనులకైతే వెనక్కి లెక్కపెట్టాలి. ట్రాక్టరు ఇన్సూరెన్సు 25న ముగుస్తుంటే చీటీ 25లో కాదు, 15లో ఉండాలి. ఒక్క రోజు దాటినా బండిని తనిఖీ చేశాకే కొత్త పాలసీ ఇస్తామని కంపెనీ అనవచ్చు. అసలు గడువును చీటీ పైమూల ఎర్రసిరాతో రాయండి, పని చేసే రోజును కింద మామూలు సిరాతో. రెండూ ఒకే చీటీ మీద కనిపిస్తే ఎన్ని రోజుల వెసులుబాటు ఉందో చూడగానే తెలుస్తుంది.

సమస్య: వచ్చే నెల కాగితం ఈ నెలలోనే బయటపడింది, లేదా అసలు రాలేదు

పెట్టెలో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. కారణం ఫోల్డర్లను 1, 2, 3 అని ఎప్పుడూ ఒకే వరుసలో ఉంచడం. రోజుల ఫోల్డర్లు కదలాలి. ఈ రోజుది ఖాళీ చేయగానే దాన్ని తీసి వచ్చే నెల ఫోల్డరు వెనక పెట్టాలి. అప్పుడది వచ్చే నెలలో అదే తేదీకి చెందుతుంది.

డిసెంబరు 15 పొద్దున పెట్టె ఇలా ఉండాలి: ముందు 15 నుంచి 31 దాకా, తర్వాత జనవరి ఫోల్డరు, దాని వెనక 1 నుంచి 14 దాకా, ఆపైన ఫిబ్రవరి, మార్చి, చివరికి డిసెంబరు. అంటే 12వ ఫోల్డరు అప్పటికే జనవరిది. చెక్కు చీటీని నేరుగా అందులో వేయొచ్చు. కానీ డబ్బు జమ అయిందో లేదో జనవరి 19న చూడాలని ఇంకో చీటీ రాశారనుకోండి. 19వ ఫోల్డరు ఇంకా డిసెంబరుదే. అందులో వేస్తే నెల ముందే బయటపడుతుంది. కాబట్టి దాన్ని జనవరి నెల ఫోల్డరులో వేయాలి.

ఆ చీటీ రోజు ఫోల్డరులోకి చేరేది డిసెంబరు 31 సాయంత్రం. ఆ రోజు ఫోల్డరును వెనక్కి పంపాక, జనవరి ఫోల్డరు ఖాళీ చేసి ఒక్కో చీటీని దాని తేదీలో సర్ది, ఖాళీ ఫోల్డరును పెట్టె చివరికి చేర్చాలి. ఈ సర్దుడు మరిచిపోతే ఆ నెల చీటీలన్నీ లోపలే ఉండిపోతాయి. అందుకని "నెల ఆఖరి సాయంత్రం నెల ఫోల్డరు విప్పు" అని రాసిన అట్టముక్క ఒకటి శాశ్వతంగా 28వ ఫోల్డరులో ఉంచండి. 30లోనో 31లోనో పెడితే ఫిబ్రవరిలో పనికిరాదు. 30 రోజుల నెలలో 31వ ఫోల్డరును ఖాళీగానే వెనక్కి జరపాలి. ప్రతి చీటీ మీదా నెల పేరు కూడా రాయడం తప్పనిసరి. తప్పు ఫోల్డరులో పడ్డా అదే పట్టిస్తుంది.

సమస్య: చీటీ వచ్చింది, పని చేశాం, తర్వాతి మెట్టు జారిపోయింది

కారణం: ఒక పనికి ఒకే చీటీ రాయడం. చెక్కు వేయడంతో డబ్బు వచ్చినట్టు కాదు. చేతిలోని చీటీని చించేముందు దీని తర్వాత ఏం జరగాలని అడిగి, కొత్త చీటీ రాసి పెట్టెలో వేశాకే పాతది చించండి.

చెక్కు 12న వేశారు. 19న చూస్తే జమ కాలేదు, 20న బ్యాంకు వాపసు కాగితం ఇచ్చింది. ఆ సమాచారం అందిన రోజు నుంచి 30 రోజుల్లో చెక్కు ఇచ్చిన వ్యక్తికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అంటే ఫిబ్రవరి 19 ఎర్రసిరా తేదీ. వకీలును కలవడానికి జనవరి 27న ఒక చీటీ, నోటీసు పోస్టులో వెళ్లిందా అని చూడడానికి ఫిబ్రవరి 9న ఇంకొకటి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. కాబట్టి నోటీసు ఏ రోజు అందిందో తెలిసిన వెంటనే ఆ లెక్కతో తర్వాతి చీటీ. ఇలాంటి తేదీల పనిలో మనిషి జ్ఞాపకం మీద ఆధారపడడం చాలా ప్రమాదం. అసలు చెక్కే దాని మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకుకు చేరకపోతే చెల్లదు.

సమస్య: మధ్యలో కాగితం కావలసి వస్తే ఎక్కడుందో తెలియదు

అసలు కాగితాన్నే పెట్టెలో వేయడం కారణం. చెక్కు, పాలసీ బాండు, పట్టాదారు పాసుపుస్తకం బీరువాలోనే ఉండాలి. పెట్టెలోకి చీటీ మాత్రమే: "చెక్కు, బీరువా పై అర, పచ్చ కవరు, 12న బ్యాంకుకు." పెట్టె పోయినా, ఇంట్లో నీళ్లు వచ్చినా అసలు కాగితం పోదు.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గుండుసూదులు వానాకాలం దాటేలోపే తుప్పు పట్టి మరకలు చేస్తాయి. చీటీలను ప్లాస్టిక్ క్లిప్పుతో పట్టండి. చెక్కును అసలు గుచ్చొద్దు, కింది భాగంలోని అంకెల పట్టీని మడవొద్దు. బ్యాంకు యంత్రం చదివేది దాన్నే. ఏటీఎం రసీదులు, బిల్లు యంత్రం రసీదులు నెలల్లో చెరిగిపోతాయి. దాచాల్సినవైతే వెంటనే జిరాక్సు తీయించండి.

సమస్య: ఒకే చీటీ వారాల తరబడి రేపటికి జరుగుతూనే ఉంది

చీటీ మీద "ఇన్సూరెన్సు" అని ఒక్క మాటే ఉంటే ఇలాగే అవుతుంది. ఏం చేయాలో రాయండి: "ఏజెంటుకు ఫోను చేసి కట్టాల్సిన మొత్తం కనుక్కో." జరిపిన ప్రతిసారీ చీటీ మూలన ఒక గీత గీయండి. మూడో గీతకు ఆ రోజే చేయడమో, మానేసి చించడమో.

సమస్య: ఊరు వెళ్లొచ్చేసరికి మూడు గడువులు పోయాయి

హైదరాబాదుకో పెళ్లికో వెళ్లేముందు, లేని రోజుల ఫోల్డర్లన్నీ విప్పండి. ముందే చేయగలిగినవి చేసి, మిగతా చీటీలను తిరిగొచ్చే రోజులోకి మార్చండి. ఎర్రసిరా తేదీ మీరు లేని రోజుల్లోనే పడితే ఆ చీటీ ఫొటో తీసి ఇంట్లో ఉండేవాళ్ల ఫోనుకు పంపి, చేస్తామన్న జవాబు వచ్చాకే బయలుదేరండి.