మార్జినల్ లాభానికీ అబ్జార్ప్షన్ లాభానికీ లెక్క కుదరట్లేదా? మిగిలిన తేడాను రేటుతో భాగించి చూడండి

జీడిమెట్లలో ఎయిర్ కూలర్లు తయారు చేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఈ వ్యాపారంలో మార్చి 31 ఇబ్బంది పెట్టే తేదీ. ఎండలు ముదరకముందే సరుకు సిద్ధం చేసుకోవాలి కాబట్టి, సరిగ్గా ఖాతాలు ముగించే రోజునే గోడౌన్ నిండా అట్టపెట్టెలు ఉంటాయి. తయారు చేసింది ఎక్కువ, అమ్మింది తక్కువ. ఓనర్ నెలనెలా చూసుకునే రిపోర్టు మార్జినల్ పద్ధతిలో ఉంటుంది. ఆడిటర్‌కి ఇచ్చే ఖాతాలు మాత్రం అబ్జార్ప్షన్ పద్ధతిలోనే ఉండాలి, ఎందుకంటే ఏఎస్-2 ప్రకారం స్టాక్ విలువలో ఫ్యాక్టరీ ఫిక్స్‌డ్ ఖర్చుల వాటా కూడా కలపాలి. అలా ఒకే ఏడాదికి రెండు లాభాలు వస్తాయి. ఆ రెండింటికీ మధ్య లెక్క కుదర్చడం అకౌంటెంట్ పని.

ఉదాహరణకి వేసుకున్న అంకెలు ఇవి. సీఎంఏ, సీఏ ఇంటర్ చదివేవాళ్లు కూడా కాగితం తీసుకుని వెంట చేయొచ్చు.

అమ్మకం ధర: కూలర్‌కి 6,000 రూపాయలు
తయారీలో వేరియబుల్ ఖర్చు: 3,600
అమ్మకంలో వేరియబుల్ ఖర్చు (కమీషన్, ఆటో ట్రాలీ కిరాయి): 250
ఫ్యాక్టరీ ఫిక్స్‌డ్ ఖర్చు: ఏడాదికి 24,00,000
ఆఫీసు, అమ్మకాల ఫిక్స్‌డ్ ఖర్చు: ఏడాదికి 9,00,000
సాధారణ సామర్థ్యం: 4,000 కూలర్లు, అంటే రికవరీ రేటు 600
ఓపెనింగ్ స్టాక్ 500, తయారీ 4,400, అమ్మకం 3,200, క్లోజింగ్ స్టాక్ 1,700

ఓపెనింగ్ స్టాక్‌లోని 500 కూలర్లు నిరుటివి. నిరుడు రికవరీ రేటు 550 ఉండేది. వేరియబుల్ ఖర్చు మారలేదనుకుందాం. స్టాక్ ఫిఫో పద్ధతిలో నడుస్తోంది.

మార్జినల్ లాభం చిటికెలో వస్తుంది. కూలర్‌కి కాంట్రిబ్యూషన్ 2,150. దాన్ని 3,200తో గుణిస్తే 68,80,000. మొత్తం ఫిక్స్‌డ్ ఖర్చు 33,00,000 తీసేస్తే 35,80,000.

అబ్జార్ప్షన్‌లో ఓపెనింగ్ స్టాక్ 4,150 చొప్పున 20,75,000. ఈ ఏడాది తయారీ 4,200 చొప్పున 1,84,80,000. ఈ రెండూ కలిపి, క్లోజింగ్ స్టాక్ 71,40,000 తీసేస్తే 1,34,15,000. ఓవర్ రికవరీ 2,40,000 కూడా తగ్గిస్తే అమ్మిన సరుకు ఖరీదు 1,31,75,000. అమ్మకాలు 1,92,00,000 నుంచి దీన్ని, అమ్మకపు ఖర్చులు 8,00,000ని, ఆఫీసు ఖర్చు 9,00,000ని తీసేస్తే లాభం 43,25,000.

తేడా 7,45,000.

ఈ తేడా ఎక్కడిది?

మార్జినల్ పద్ధతి ఈ ఏడాది ఫ్యాక్టరీ ఫిక్స్‌డ్ ఖర్చు 24 లక్షలనూ ఈ ఏడాదే తినేస్తుంది. అబ్జార్ప్షన్ అలా చేయదు. గోడౌన్‌లో మిగిలిన ఒక్కో కూలర్ మీద 600 రూపాయలు పెట్టి వచ్చే ఏడాదికి పంపిస్తుంది. నిరుడు అలా పంపిన 550ల బరువును ఈ ఏడాది మోస్తుంది. కాబట్టి తేడా అంతా ఈ రెండు మొత్తాల మధ్యే ఉండాలి. 1,700 × 600 = 10,20,000. 500 × 550 = 2,75,000. రెండో దాన్ని మొదటి దాంట్లోంచి తీసేస్తే 7,45,000. కుదిరింది.

ఆఫీసు, అమ్మకాల ఫిక్స్‌డ్ ఖర్చు 9 లక్షలు రెండు పద్ధతుల్లోనూ ఒకేలా పోతాయి. వాటికి ఈ లెక్కలో చోటు లేదు. రేటు 600కి బదులు 825 కనిపించిందంటే ఎవరో 33 లక్షలనూ 4,000తో భాగించారన్నమాట. ముందు అది సరిచేయండి.

కుదరకపోతే చాలామంది జర్నల్ ఎంట్రీలన్నీ మొదటి నుంచి తిరగేస్తూ కూర్చుంటారు. అంత కష్టం అక్కర్లేదు. మిగిలిపోయిన అంకెను ఈ ఏడాది రేటుతో, అంటే 600తో భాగించి చూడండి. నిశ్శేషంగా పోతే తప్పు సాధారణంగా కూలర్ల సంఖ్యలో ఉంటుంది. పోకపోతే ముందు రేటునే అనుమానించాలి.

లక్షణం: 25,000 మిగిలింది, 600తో పోవట్లేదు

25,000ని 600తో భాగిస్తే 41.67 వస్తుంది. కూలర్ ముక్కలుగా ఉండదు కదా, కాబట్టి తప్పు రేటులో ఉంది. పుస్తకాల్లో కనిపించే సులువు సూత్రం, "స్టాక్ పెరుగుదలను రేటుతో గుణించు", ఇక్కడ పనిచేయదు. పెరుగుదల 1,200, 600తో గుణిస్తే 7,20,000 వస్తుంది. అసలు తేడా 7,45,000. మధ్యలో పోయిన 25,000 అంటే నిరుటి 500 కూలర్ల మీద యాభై యాభై రూపాయలు. ఆ సూత్రం నిరుటి స్టాక్‌కి కూడా ఈ ఏడాది రేటే వేసేసింది.

పరిష్కారం: ఓపెనింగ్, క్లోజింగ్ స్టాక్‌లను విడివిడిగా, దేని రేటుతో దాన్నే గుణించాలి. నిరుటి రేటు కోసం నిరుటి స్టాక్ షీట్ తెరిచి చూడండి, గుర్తున్నంతలో వేయకండి. వెయిటెడ్ యావరేజ్ వాడే యూనిట్‌లో అయితే క్లోజింగ్ స్టాక్‌లో పాత, కొత్త రేట్లు కలిసిపోతాయి కాబట్టి, అక్కడ ఆ సగటు రేటులోని ఫిక్స్‌డ్ భాగాన్ని తీసుకోవాలి.

లక్షణం: 12,000 మిగిలింది, భాగిస్తే 20 వచ్చింది

20 కూలర్లు. ఇక లెడ్జర్ మూసేసి గోడౌన్‌కి వెళ్లండి. డెమోకని ట్రూప్ బజార్ డీలర్ల దగ్గర పెట్టినవి, దింపేటప్పుడు బాడీ పగిలి పక్కన పడేసినవి స్టాక్ రిజిస్టర్‌లో ఇంకా నిల్వగానే కనిపిస్తుంటాయి. ఖాతాల్లో లెక్కపెట్టిన 1,680 వేసి, రికన్సిలియేషన్‌లో రిజిస్టర్ చూసి 1,700 వేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. సరుకు నిజంగా పోయి ఉంటే ఆ నష్టం రెండు పద్ధతుల్లోనూ పడుతుంది, కానీ మార్జినల్‌లో కూలర్‌కి 3,600, అబ్జార్ప్షన్‌లో 4,200. ఆ 600 వ్యత్యాసమే ఇరవైసార్లు కనిపిస్తోంది. డీలర్ దగ్గర ఉన్నవి మాత్రం పోయినవి కావు. అవి మన స్టాకే, వాటిని మళ్లీ లెక్కలో కలపండి.

లక్షణం: 2,40,000 మిగిలింది, భాగిస్తే 400 వచ్చింది

400 కూలర్లు గోడౌన్‌లో మాయం కావు. ఈ అంకె ఎక్కడ చూశామో గుర్తు చేసుకోండి: తయారీ 4,400, సాధారణ సామర్థ్యం 4,000. అంటే ఇది ఓవర్ రికవరీ. ఖర్చయింది 24,00,000 అయితే, 600 చొప్పున 4,400 కూలర్ల మీద వేసింది 26,40,000.

దీనికి కారణం రెండు విధాలుగా ఉండొచ్చు. ఒకటి, ఆ 2,40,000ని లాభనష్టాల ఖాతాకి జమ చేయడమే మరిచిపోవడం. అప్పుడు అబ్జార్ప్షన్ లాభం 40,85,000 దగ్గరే ఆగిపోతుంది, తేడా 5,05,000 మాత్రమే వస్తుంది. రెండోది, ఖాతాలో జమ చేశాక రికన్సిలియేషన్‌లో కూడా "ఓవర్ రికవరీ" అని ఇంకో లైన్ రాసి కలపడం. అప్పుడు స్టేట్‌మెంట్ 9,85,000 చూపిస్తుంది. పరీక్ష పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఈ రెండో తప్పుకే. ఓవర్ రికవరీ జమ అయ్యాక అబ్జార్ప్షన్‌లో కూడా ఈ ఏడాది ఖర్చు అసలు 24 లక్షలకే వచ్చేసినట్టు. స్టాక్‌తో పాటు అటూ ఇటూ కదిలే మొత్తం తప్ప రెండు పద్ధతుల మధ్య ఇంకేమీ మిగలదు. కాబట్టి రికన్సిలియేషన్‌లో ఆ లైన్ ఉంటే కొట్టేయండి. లేకపోతే ఖాతాలో జమ పడిందో లేదో చూడండి.

లక్షణం: ఆడిటర్ వచ్చి వెళ్లాక 92,727 తేడా మొదలైంది

అంతకుముందు రోజు వరకూ అంతా సరిగ్గానే ఉంది. ఈ అంకె కూడా 600తో పోదు, అంటే మళ్లీ రేటు దగ్గరికే రావాలి.

సాధారణ సామర్థ్యం కంటే తయారీ తగ్గితే రేటు పెంచకూడదని, మిగిలిపోయిన ఖర్చు ఆ ఏడాదికే వేయాలని ఏఎస్-2 చెబుతుంది. తయారీ అసాధారణంగా పెరిగితే మాత్రం రేటు తగ్గించాలి, లేకపోతే స్టాక్ విలువ అసలు ఖర్చు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. 4,400 అసాధారణమా కాదా అన్నది నిర్ణయించుకోవాల్సిన విషయం. నా మటుకు పది శాతం పెరుగుదలను నేను అసాధారణం అనను, ముఖ్యంగా ఏ ఏడాది ఎండ ఎలా ఉంటుందో తెలియని కూలర్ల వ్యాపారంలో. కానీ ఆడిటర్ అసాధారణమే అనుకుంటే 2,40,000ని 4,400 కూలర్లకీ పంచుతారు. కూలర్‌కి 54.55 చొప్పున తగ్గి రేటు 545.45 అవుతుంది. క్లోజింగ్ స్టాక్‌లోని ఫిక్స్‌డ్ భాగం 10,20,000 నుంచి 9,27,273కి దిగుతుంది. అబ్జార్ప్షన్ లాభం 42,32,273 అవుతుంది.

పరిష్కారం: ఎవరితోనూ వాదించక్కర్లేదు, రికన్సిలియేషన్‌లో క్లోజింగ్ రేటు మార్చండి చాలు. 9,27,273 లోంచి 2,75,000 తీసేస్తే 6,52,273. కొత్త లాభానికీ మార్జినల్ లాభానికీ ఉన్న తేడా సరిగ్గా అంతే. వచ్చే ఏడాది ఓపెనింగ్ రేటు కూడా 545.45 అని ఇప్పుడే స్టాక్ షీట్ మీద రాసి పెట్టుకోండి. రాయకపోతే ఏడాది తిరిగేసరికి మొదటి లక్షణమే మళ్లీ ఎదురవుతుంది.

లక్షణం: అమ్మకాలు బాగా పెరిగాయి, లాభం అంతగా పెరగలేదు

ఇది ఓనర్ నుంచి వచ్చే ప్రశ్న. ఆడిటర్ రేటు మార్చలేదనుకుని, మరుసటి ఏడాది చూద్దాం. ఎండలు బాగా కాశాయి, 4,800 కూలర్లు అమ్ముడయ్యాయి. తయారు చేసింది 3,600 మాత్రమే. మిగతావి గోడౌన్‌లోంచే వెళ్లాయి, చివరికి 500 మిగిలాయి. "పదహారు వందలు ఎక్కువ అమ్మాం కదండీ, ఒక్కోదాని మీద 2,150 అంటే ముప్పై నాలుగు లక్షల పైన రావాలి. పుస్తకంలో ఇరవై కూడా లేదేంటి?" అని ఆయన అడుగుతాడు.

ఆయన లెక్క తప్పు కాదు. మార్జినల్ లాభం 70,20,000 వచ్చింది, అంటే 34,40,000 పెరిగింది. అబ్జార్ప్షన్ లాభం 63,00,000 దగ్గర ఆగింది, పెరిగింది 19,75,000. మధ్యలో 14,65,000 తక్కువ. అందులో 7,45,000 నిరుటి లాభంలో ముందుగానే చేరిపోయింది, అప్పట్లో స్టాక్ పెరిగింది కాబట్టి. మిగతా 7,20,000 ఈ ఏడాది స్టాక్ తగ్గినందుకు భారంగా వచ్చింది: ఓపెనింగ్‌తో వచ్చిన 10,20,000 లోంచి క్లోజింగ్‌తో వెళ్లిన 3,00,000 పోగా మిగిలినది. ఈ ఏడాది 2,40,000 అండర్ రికవరీ కూడా ఉంది, కానీ అది ఖాతాలో ఇప్పటికే పడిపోయింది, ఇక్కడ మళ్లీ లెక్కపెట్టకూడదు.

ఓనర్‌కి చూపించేటప్పుడు రెండేళ్ల స్టేట్‌మెంట్లూ పక్కపక్కనే పెట్టండి. ఒక్క ఏడాదిది చూపిస్తే డబ్బు ఎక్కడో పోయిందనే టెన్షన్ తగ్గదు. రెండేళ్లూ కలిపితే మార్జినల్ మొత్తం 1,06,00,000, అబ్జార్ప్షన్ మొత్తం 1,06,25,000. ఆ మిగిలిన 25,000 ఏంటని ఆయన తప్పకుండా అడుగుతాడు. స్టాక్ 500తో మొదలై 500 దగ్గరే ఆగింది, కానీ మొదట్లో ఉన్నవి 550 రేటువి, ఇప్పుడు ఉన్నవి 600 రేటువి అని చూపించండి.