బడి యూనిఫాంల సీజనుకు ముందే ఆల్టర్ లెక్క: కుట్టు లైనులో తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్ రెండో వారంలో బడులు తెరుచుకుంటాయి కాబట్టి వరంగల్ చుట్టుపక్కల చిన్న కుట్టు యూనిట్లకు ఏప్రిల్, మే నెలలే అసలైన గండం. అప్పుడే కొత్త టైలర్లు చేరతారు, ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, రోజుకు రెండుసార్లయినా కరెంటు పోతుంది, పైగా ఆర్డరు ఇచ్చినవారు తేదీని ఒక్కరోజు కూడా జరపరు. ఆ ఒత్తిడిలో వెనక్కి వచ్చిన చొక్కాను, అంటే మన లైన్లలో అందరూ ఆల్టర్ అని పిలిచే పీసును, ఎవరు ఖాళీగా ఉంటే వారు విప్పి కుట్టేస్తారు, అది ఎందుకు వచ్చిందో రాసే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. అందువల్ల లోపాల పుస్తకాన్ని మార్చిలోనే, చేతిలో చిన్న ఆర్డరు ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

పుస్తకంలో ఎక్కువ గళ్లు గీస్తే ఎవరూ నింపరు. తేదీ, గంట, బండిల్ నంబరు, సైజు, లోపం, మెషీన్ నంబరు, సరిచేయడానికి పట్టిన నిమిషాలు అనే ఏడు గళ్లు చాలు. కుట్టినవారి పేరు రాయకూడదని నా గట్టి అభిప్రాయం. పీసు లెక్కన కూలి తీసుకునేవారికి ఆల్టర్ అంటే డబ్బు రాని పని. దానికితోడు పేరు కూడా పుస్తకానికెక్కుతుందంటే లోపమున్న పీసు చెకింగ్ బల్ల దాకా రాకుండా బండిల్ అడుగునే దాగిపోతుంది. చెకర్ చేతిలోకి పీసు వచ్చిన క్షణంలోనే గీత పడాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసిన లెక్కలో పెద్ద లోపాలే మిగులుతాయి, మిగతావి మరుగున పడతాయి.

ఒక వారం లెక్క ఎలా చదవాలో చూద్దాం. ఆరు రోజుల్లో 1,800 చొక్కాలు చెకింగ్‌కు వచ్చాయనీ, పుస్తకంలో 240 లోపాలు నమోదయ్యాయనీ అనుకుందాం.

| లోపం | ఎన్ని | ఒక్కోదానికి నిమిషాలు | మొత్తం నిమిషాలు |
|---|---|---|---|
| కాలర్ మొనలు ఎగుడుదిగుడు | 38 | 14 | 532 |
| కుట్టు దాటిపోవడం | 84 | 2 | 168 |
| చంక దగ్గర కుట్టు విడిపోవడం | 52 | 3 | 156 |
| నూనె మరక | 27 | 4 | 108 |
| గుండీ స్థానం తప్పడం | 19 | 3 | 57 |
| దారపు కొసలు | 12 | అర | 6 |
| ఇతరాలు | 8 | 5 | 40 |

పారెటో చార్ట్ అంటే ఈ వరుసలను పెద్దదాని నుంచి చిన్నదాని వరకు నిలువు పట్టీలుగా గీసి, వాటిపైన కూడుతూ పోయే శాతాన్ని ఒక గీతగా చూపడమే. ‘ఇతరాలు’ ఎంత ఉన్నా చివరనే ఉండాలి. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసినా సరిపోతుంది. కంప్యూటర్‌లో చేసేవారు లోపాల పేర్లను A నిలువు వరుసలోనూ, మొత్తం నిమిషాలను D వరుసలోనూ ఉంచి, E2లో ఈ సూత్రం రాసి కిందికి లాగాలి:

```
=SUM(D$2:D2)/SUM(D$2:D$8)
```

చాలామంది పొరపడేది పట్టీలను దేనితో కొలవాలన్న దగ్గరే. సంఖ్యతో గీస్తే కుట్టు దాటిపోవడం 35 శాతంతో మొదటి స్థానంలో నిలుస్తుంది, కాలర్ మూడో స్థానానికి పోతుంది. నిమిషాలతో గీస్తే మొత్తం 1,067 నిమిషాల్లో దాదాపు సగాన్ని కాలర్ ఒక్కటే తింటున్నట్టు బయటపడుతుంది, ఎందుకంటే దానికి పై కుట్టు విప్పాలి, కాలర్ ఊడదీయాలి, మొన తిప్పి మళ్లీ ఇస్త్రీ చేసి అతకాలి. సీజనులో మనకు కొరవడేది సమయం కనుక నిమిషాల చార్టునే గోడకు అతికించాలి. మొదటి మూడు పట్టీలు కలిస్తే 80 శాతం దాటుతోంది, కానీ ఆ అంకె ప్రతి వారం ఇంత చక్కగా కుదురుతుందని నమ్మకూడదు. పట్టీలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే లోపాన్ని బట్టి విడదీయడం పనికిరాలేదని అర్థం చేసుకుని, మెషీన్‌ను బట్టో, గంటను బట్టో మళ్లీ గీసి చూడాలి.

పెద్ద పట్టీ దొరకగానే టైలర్‌ను పిలిచి మందలించడం తొందరపాటు. ఆ పట్టీని ఇంకోసారి విడదీయాలి. ఈ 38 కాలర్లలో 27 సైజు 32వే అనుకుందాం. ఆ వారం కుట్టిన 1,800లో సైజు 32 చొక్కాలు 600, అంటే మూడో వంతే; కాలర్ లోపాల్లో మాత్రం దానిది 71 శాతం. మనిషి చేతిలో తప్పుంటే అన్ని సైజుల్లోనూ కనిపించాలి. కాబట్టి వెళ్లి చూడవలసింది ఆ సైజు కాలర్ గుర్తు పెట్టే అట్ట ప్యాటర్న్‌ను. సుద్దముక్క రాసుకుని రాసుకుని ఒక మొన అరిగిపోయి ఉంటే, అట్టను బోర్లించి దాని గీత మీదే పెట్టి చూడగానే రెండు మొనల మధ్య తేడా కంటికి కనబడుతుంది. మార్చిలో అయితే కొత్త అట్ట కోయడం పది నిమిషాల పని. మే నెలలో ఈ విషయం తెలిసేసరికి వందల కాలర్లు అదే వంకరతో తయారై కూర్చుంటాయి.

కుట్టు దాటిపోవడాన్ని కూడా ఇలాగే మెషీన్ నంబరు వారీగా విడదీయాలి. ఒకే మెషీన్ మీద గుమిగూడితే ముందు సూది మార్చి, అది పూర్తిగా పైకి ఎక్కిందో లేదో చూసి, తర్వాతే హుక్ టైమింగ్ కోసం మెకానిక్‌ను పిలవాలి. అన్ని మెషీన్లలోనూ మధ్యాహ్నం పూటే పెరుగుతుంటే అనుమానం సూది వేడి మీదికి పోతుంది. యూనిఫాం గుడ్డలో పాలిస్టర్ పాలు ఎక్కువ కనుక వేగంగా కుట్టేటప్పుడు సూది వేడెక్కి, కరిగిన పోగు దాని బెజ్జం దగ్గర అతుక్కుంటుంది. సూదిని తీసి గోటితో గీస్తే ఆ గరుకు తెలుస్తుంది. అప్పుడు వేగం తగ్గించాలి, షిఫ్టుకొక సూది మార్చాలి.

చిన్న పట్టీని చూసి కూడా మోసపోకూడదు. ఒకసారి మా లైనులో దారపు కొసల లెక్క మరీ తక్కువగా ఉందేమిటని చెకర్‌ను అడిగితే, “అన్నా, గవి చిన్నయే గద, నేనే కత్తిరిస్తున్న, రాస్తలేను” అన్నది. ఆమె మంచికే చేసింది, కానీ రోజులో ఆమె చెకింగ్ సమయం కొంత అటే పోతున్నట్టు పుస్తకానికి తెలియలేదు. అలాగే ‘ఇతరాలు’ మూడో పట్టీని మించిపోతే లోపాల పేర్లు సరిగా ఎంచుకోలేదన్నమాట. యాభై గీతలైనా పడకముందు చార్ట్ గీయడం వృథా.

అట్ట మార్చిన తర్వాతి వారం ఫలితాన్ని చూసేటప్పుడు విడి సంఖ్యలు పోల్చకుండా, నూటికి ఎన్ని అన్న లెక్క తీయాలి. మొదటి వారం కాలర్ లోపాలు నూటికి 2.1. సీజనులో వారానికి 3,000 చొక్కాలు కుడుతూ 40 లోపాలు వస్తే సంఖ్య పెరిగినట్టు కనిపించినా రేటు 1.3కు దిగినట్టే. ఇంకొక తికమక ఏమిటంటే, కాలర్ పట్టీ తగ్గగానే మరకల శాతం దానంతట అదే పెరుగుతుంది. మరకలు నిజంగా పెరిగాయో లేదో నూటి లెక్కే చెబుతుంది.

ఈ చార్టుకు అప్పగించకూడని లోపం ఒకటుంది. కుట్టేటప్పుడు విరిగిన సూది ముక్క చొక్కాలో ఉండిపోవడం నెలకు ఒకసారే జరగవచ్చు, పట్టీగా గీస్తే కంటికి కూడా ఆనదు, కానీ ఆ చొక్కా తొడుక్కునేది బడి పిల్లలు. అందుకని సూది విరిగిన వెంటనే మెషీన్ ఆపి, ముక్కలన్నీ ఏరి, కలిపి పూర్తి సూది అయిందో లేదో చూసి, వాటిని టేపుతో పుస్తకంలో తేదీ పక్కన అతికించిన తర్వాతే కొత్త సూది ఇవ్వాలి. ఒక్క ముక్క దొరకకపోయినా ఆ బండిల్ మొత్తాన్ని పక్కన పెట్టాలి.